ఫ్రీజర్ బాక్స్ కోమల

కోమల ఏ వ్యాపారం పెడితే బాగుపడుతుందో లక్సెట్టిపేటలో కోమలకు తప్ప అందరికీ తెలుసు. బర్రెలు కొనమన్నవాళ్లున్నారు, కర్రీ పాయింట్ పెట్టమన్నవాళ్లున్నారు. కంగన్‌హాల్ పెట్టి గాజులూ రిబ్బన్లూ అమ్ముకుంటే ఆడపిల్ల నీడపట్టున కూర్చోవచ్చని మేనమామ రాజయ్య వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. చెప్పి, చాయ్ తాగి, పెట్టుబడి మాట రాకముందే చెప్పులేసుకునేవాడు. చెప్పేవాళ్లకు చేసేవాళ్లు లోకువ మరి.

తొమ్మిదో తరగతి మధ్యలో ఉండగా కోమల తండ్రి లచ్చయ్య మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. ప్రాణం నిలిచింది గాని నడుము నిలవలేదు. కల్లు గీసి ఇల్లు నడిపిన మనిషి మంచం పట్టాడు. తల్లి లింగవ్వ చుట్టే బీడీలు మందులకు చాలితే బియ్యానికి చాలేవి కావు. కోమల తన పుస్తకాల సంచిని చెల్లెలు పద్మలత చేతిలో పెట్టి, పరశురాములు టెంట్ హౌస్‌లో పనికి కుదిరింది. బడి మానేసిన పిల్లంటే లోకం దృష్టిలో చదువు రాని పిల్లే. రాకపోవడానికీ మానేయాల్సి రావడానికీ ఉన్న తేడా వివరించే ఓపిక కోమలకు ఎన్నడూ లేదు. "అవు, రాదు. అయితేంది?" అనేది.

పనిలో మాత్రం ఆమెకు వంక పెట్టినవాళ్లు లేరు. వంట గంజులు తోమడంతో మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లు వచ్చేసరికి టెంట్ వేయడం, కుర్చీలు ఎక్కించడం, జనరేటర్ నడపడం, చివరికి ట్రాలీ ఆటో తోలడం కూడా వచ్చేసింది. తెల్లారి ఐదింటికి రమ్మంటే అంతకుముందే వచ్చి షట్టర్ ముందు కూర్చునేది. ఇన్ని చేసినా ఏం లాభం? టెంట్ హౌస్‌కు పెండ్లిళ్ల సీజన్లోనే పని. మూఢం వస్తే పరశురాములు కుర్చీలతో పాటు కోమలను కూడా మూలకు పెట్టేవాడు. కడుపుకు మూఢాలు తెలియవు కదా. తండ్రి మందులకు, చెల్లి ఇంటర్ ఫీజుకు ఏడాది పొడుగునా నడిచే పని కావాలి.

అందుకే ఊరివాళ్లు ఉచితంగా పంచిన వ్యాపారాలన్నిటినీ కోమల ఒక్కొక్కటే తిరగేసి చూసింది. ఒక్క బస్టాండ్ రోడ్డులోనే కంగన్‌హాళ్లు వరసగా ఉన్నాయి, వాటి యజమానులు మధ్యాహ్నం పూట గల్లాపెట్టె మీద తల పెట్టి నిద్రపోతున్నారు. కర్రీ పాయింట్‌లో మిగిలిన కూర మరునాటికి పనికిరాదు. బర్రెలకు గడ్డి కోసేదెవరు, బాపును మంచం మీంచి లేపి కూర్చోబెట్టేదెవరు? ఎవరో పెట్టి నడుపుతున్నారని తానూ అదే పెడితే, ఉన్న గిరాకీని పంచుకోవడమే అవుతుంది. గిరాకీ ఉండి, సరుకు లేనిది ఏముందా అని ఆమె వెతుకుతోంది.

అది ఆమెకు ఒక చావు ఇంట్లో దొరికింది.

ఎండాకాలం. పక్క ఊళ్లో రామవ్వ అనే ముసలామె చనిపోయింది. ఒక్కగానొక్క కొడుకు మస్కట్‌లో ఉన్నాడు. వాడికి సెలవు దొరికి, టికెట్ దొరికి, విమానం దిగి వచ్చేదాకా శవాన్ని ఉంచాలి. ఫ్రీజర్ బాక్స్ కోసం మంచిర్యాలకు ఫోన్ చేస్తే ఉన్నవన్నీ వేరే ఊళ్లకు పోయాయన్నారు. ఐసు గడ్డలు తెచ్చి, పైన ఊకపొట్టు పోశారు. ఐసు కరిగి నీళ్లు వాకిట్లోకి పారుతుంటే టెంట్ కట్టడానికి పోయిన కోమల చూస్తూనే ఉంది. కొడుకు వచ్చేసరికి తల్లి ముఖం చూపించలేకపోయారు, బట్ట కప్పారు. అంత దూరం నుంచి వచ్చినవాడు ఆ బట్ట మీదే చెయ్యి వేసి ఏడ్చాడు. కోమలకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఇంటికొక్కడు గల్ఫ్‌లో ఉన్న ఊళ్లివి, ఇంతమందిలో ఒక్కరికి కూడా పెట్టె కొనాలన్న బుద్ధి పుట్టలేదా?

తిరుగు దారిలో పరశురాములును అదే అడిగింది.

"కాకా, నువ్వెందుకు కొనలే గా పెట్టె?"

"కొంటే ఇగ నా టెంట్ ఎవ్వడు పెండ్లికి తీస్కపోతడు బిడ్డా? పీనుగులు మోసిన బండిల పెండ్లి కుర్చీలు ఎక్కిస్తరా? గందుకే ఏ టెంట్ హౌసోడు ముట్టడు."

"అయితే నేను కొంట. నాకు పెండ్లి గిరాకీ లేదు గద పోనీకి."

పరశురాములు బండి ఆపినంత పని చేశాడు. కానీ వ్యాపారి కదా, కాసేపటికి తేరుకుని టెంట్ హౌస్ పేరు రాయని పాత ట్రాలీని, చిన్న జనరేటర్‌ను కిరాయికి ఇస్తానన్నాడు. కొత్త బండి జోలికి మాత్రం రావద్దన్నాడు.

పెట్టుబడికి మిగిలిన దారి మహిళా సంఘం. అప్పు లింగవ్వ పేరు మీద రావాలి. సభ్యులంతా ఒప్పుకోవాలి, ఒకరు కట్టకపోతే తక్కినవాళ్ల మీద పడుతుంది కాబట్టి. లింగవ్వకు సంగతి చెప్పేసరికి ఆమె బీడీల చాట పక్కన పెట్టి నెత్తి కొట్టుకుంది. "పీనుగుల పెట్టె ఇంట్ల పెట్టుకుంటమా? నీకు బుద్ధి ఉన్నదా?" అంది. మంచం మీంచి లచ్చయ్య ఒక్క మాటే అన్నాడు. "నేను ఎక్కిన చెట్టు మంచిదని ఎక్కిన్నా లింగీ? కడుపు ఎక్కిచ్చింది. అది గూడ అంతే."

సంఘం మీటింగ్ చంద్రవ్వ ఇంటి అరుగు మీద జరిగింది. చంద్రవ్వ లీడర్. విషయం వినగానే ఆమె తాంబూలం ఊసి వచ్చింది.

"బర్రెలకిచ్చినం, కుట్టుమిషిన్లకిచ్చినం. సచ్చినోళ్ల పెట్టెకు సంఘం పైసలిచ్చుడు ఎన్నడన్న ఇన్నమా?"

"పోయినేడు రెండు బర్రెలు సచ్చి కిస్తీలు ఆగినయి పెద్దమ్మా," అంది కోమల. "మనుషులు సస్తే నా కిస్తీ ఆగది."

ఒకామె ఫక్కున నవ్వి, చంద్రవ్వను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. కోమల లేచి నిలబడింది. పెద్దల ముందు లేచి మాట్లాడటం ఆ అరుగు మీద అలవాటు లేదు.

"నవ్వుకున్రి, నాకేం ఫికర్ లేదు. ఒక్కటే అడుగుత. మీ ఇండ్లల్ల గల్ఫ్‌ల ఎవ్వలు లేనోళ్లు చెయ్యెత్తున్రి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఎవరి కొడుకు వాళ్లకు, ఎవరి మొగుడు వాళ్లకు కళ్లముందు మెదిలాడు. చివరికి చంద్రవ్వే గొంతు సవరించుకుంది. కిస్తీ తప్పితే పెట్టె అమ్మించి సంఘం అప్పు తీర్చాలనే షరతు మీద తీర్మానం రాయించింది. లింగవ్వ తల ఎత్తకుండా సంతకం పెట్టింది.

కరీంనగర్‌లో ఒకరి దగ్గర పాత పెట్టె దొరికింది. కోమల దాన్ని ఊరికే చూసి కొనలేదు. ప్లగ్ పెట్టించి, లోపల చెంబెడు నీళ్లు పెట్టించి, అవి గడ్డకట్టేదాకా కదలకుండా కూర్చుంది. అమ్మేవాడికి విసుగొచ్చింది గాని ఆమెకు రాలేదు. ఇంటి వెనక రేకుల షెడ్డులో దాన్ని దింపింది. లింగవ్వ చుట్టూ పసుపునీళ్లు చల్లి, తన షరతులు చెప్పింది. ఆ పెట్టెను తాను ముట్టదు. పోయి వచ్చిన ప్రతిసారీ కోమల బయటే నెత్తిస్నానం చేసి గాని గడప తొక్కరాదు. కోమల సరేనంది. అంతకంటే పెద్ద షరతులే చూసింది.

ఈ వ్యాపారానికి బోర్డు పెట్టలేము, కరపత్రం పంచలేము. ఎవరైనా పోతే బాగుండునని ఎదురుచూడనూ రాదు. అందుకని కోమల ఇంటివాళ్లను వదిలేసి, చావు కబురు ముందుగా అందేవాళ్లను పట్టుకుంది. ఊరూరా డప్పు కొట్టేవాళ్లు, మంగలివాళ్లు, చాకలివాళ్లు, అంబులెన్స్ డ్రైవర్లు. వాళ్లందరి దగ్గరికీ పోయి తన నంబర్ ఇచ్చింది. "ఏ యాళ్లకు ఫోన్ చేసిన ఎత్తుత," అని మాత్రం చెప్పింది.

మొదటి ఫోన్ పదిహేను రోజులకే వచ్చింది. ఒక పెద్దాయన పోయాడు, కొడుకులు దుబాయ్‌లో ఉన్నారు. కోమల పెట్టెను ఎత్తుపల్లం లేని చోట దించి, వెనక ఫ్యాన్‌కు గాలి ఆడేలా గోడకు ఎడంగా జరిపింది. ఖాళీ పెట్టెను బాగా చల్లబడనిచ్చాకే ఆయన్ను అందులో పెట్టనిచ్చింది. వచ్చిన ప్రతి చుట్టమూ మూత ఎత్తి మీద పడి ఏడవబోతుంటే అడ్డం నిలబడింది. "మూత తీస్తే సల్లదనం పోతది, కొడుకులకు మొఖం దక్కది. అద్దంల చూడున్రి," అని కటువుగానే చెప్పింది. కరెంటు పోతే జనరేటర్ పెట్టింది, చెమ్మ పట్టిన అద్దాన్ని తుడుస్తూ కూర్చుంది. కొడుకులు వచ్చి తండ్రి ముఖం చూసుకున్నారు. అంతా సవ్యంగా జరిగింది, ఒక్క మాట తప్ప.

పెట్టెను ట్రాలీ ఎక్కించి బండి తీస్తూ, ఆరేళ్ల టెంట్ హౌస్ అలవాటు కొద్దీ, ఇంటి పెద్దావిడతో "పోయొస్త అవ్వా" అంది.

చావు ఇంట్లో ఎవరూ అనని మాట అది. వచ్చినవాళ్లు చెప్పకుండా లేచి పోతారు. మళ్లీ వస్తానంటే ఆ ఇంట్లో మళ్లీ చావు రావాలనేగా. చుట్టం అన్నా తప్పే. శవాల పెట్టె తెచ్చిన పిల్ల అంటే ఇంక చెప్పాలా? పెద్దావిడ చేతిలోని చెంబు విసిరింది. మగవాళ్లు బండి వెంట పడ్డారు. కోమల ఇల్లు చేరేలోపే ఆ మాట నాలుగు ఊళ్లు చేరింది.

తరువాత ఫోన్ మోగలేదు. ఒక నెల గడిచింది, రెండో నెల కూడా గడవవచ్చింది. మొదటి కిస్తీని టెంట్ హౌస్ కూలితో కట్టింది. రెండోదానికి ఏం చేయాలో తెలియలేదు. తన నోటిని తానే తిట్టుకుంది. షెడ్డులో కూర్చుని ఒకసారి వెక్కి వెక్కి ఏడ్చింది కూడా. ఏడవడం అయిపోయాక ముఖం కడుక్కుని సైకిల్ తీసి, తాను నంబర్ ఇచ్చిన ప్రతి మనిషి దగ్గరికీ మళ్లీ పోయింది.

"గా మాట అన్నది నేనే," అని వాళ్లు అడగకముందే చెప్పింది. "తప్పయింది. ఇగ నా నోటెంట రాది. పెట్టె మాత్రం మంచిది, నా పని మంచిది. పిలిస్తే పిలువున్రి, లేకుంటే లేదు."

బతిమాలడానికి వచ్చిందో, దబాయించడానికి వచ్చిందో వాళ్లకు అర్థం కాలేదు. ఇటు రాజయ్య ఊరుకుంటాడా? మంచిర్యాలలో పెట్టెలు నడిపే ఒకతన్ని మాట్లాడి, చంద్రవ్వ చేత సరేననిపించి, శుక్రవారం వచ్చి ఎత్తుకుపోయేలా ఖాయం చేశాడు. "నలుగురు నవ్వవట్టిరి. అమ్మి పారెయ్యి. కంగన్‌హాల్ ముచ్చట నేను చూస్త," అన్నాడు. నవ్విన నలుగురిలో తానొకడినన్న సంగతి ఆయనకు గుర్తు లేనట్టుంది. లింగవ్వ అన్నకు ఎదురు చెప్పలేదు. తల్లి కూడా అమ్మేయాలనే అనుకుంటోందని కోమలకు తెలుసు.

గురువారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి, అక్కడ డప్పు కొట్టే మనిషి చేశాడు. కాన్పయి వారం తిరగని బాలింత పిల్ల జ్వరంతో పోయింది. మొగుడు సౌదీలో ఉన్నాడు, రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. పిల్ల తల్లి లస్మవ్వ శవం మీద పడి ఉంది, మగవాళ్లను ముట్టనివ్వడం లేదు. ఆడవాళ్లేమో భయంతో దగ్గరికి రావడం లేదు. బాలింతగా పోయినదాన్ని ముట్టుకుంటే దయ్యమై పట్టుకుంటుందని వాళ్ల భయం, అందరూ పిల్లల తల్లులు. "ఎండ ఎక్కుతున్నది చెల్లె. నువ్వు ఆడపిల్లవు గద, వస్తవా?" అన్నాడు.

మనిషిని ఎత్తి పెట్టెలో పెట్టడం ఒక్కరి వల్ల కాదు. కోమల తల్లి ముందు నిలబడింది.

"అవ్వా, ఇంకో ఆడమనిషి కావాలె."

"నేను ముట్టనన్న గద."

"అన్నవు. రేపు ఎట్లయిన అమ్ముతున్నరు, మళ్ల నిన్ను అడిగేది లేదు. గా పిల్ల నా ఈడుది. బయట పండుకోబెట్టిన్రట."

లింగవ్వ బీడీ చుట్టబోతున్న తునికాకును చాటలో పడేసింది. తరువాత లేచి, కొంగు నడుముకు బిగించి, బండిలో కూర్చుంది. దారి పొడుగునా దేవుళ్ల పేర్లు చెప్పుకుంటూనే ఉంది.

ఆ వాకిట్లో జనం ఉన్నారు. కానీ ఆ పిల్ల చుట్టూ బారెడు దూరం దాకా ఎవరూ లేరు, లస్మవ్వ ఒక్కతే ఉంది. కోమల పెట్టె దించి, ప్లగ్ పెట్టి, లోపల చల్లబడేదాకా ఆగింది. తరువాత పోయి లస్మవ్వ పక్కన కూర్చుంది. "అవ్వా, నేనూ మా అవ్వే ఎత్తుతం. మొగోళ్లు ముట్టరు," అంది. లస్మవ్వ ఆమె ముఖంలోకి చూసి, మెల్లగా పక్కకు జరిగింది.

కోమల భుజాల కింద చేతులు పెట్టింది. కాళ్ల దగ్గర లింగవ్వ ఇంకా దేవుళ్ల పేర్లు చెప్పుకుంటూనే నిలబడి ఉంది. ఆ పిల్ల కాలి గోళ్లకు సీమంతం నాటి గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది. అది కంట పడగానే లింగవ్వ దేవుళ్ల పేర్లు ఆపింది. వంగి ఆ కాళ్లు పట్టింది. పెట్టెలో పడుకోబెట్టాక చెదిరిన జుట్టు సర్ది, చీర కుచ్చిళ్లు పాదాల దాకా లాగింది. ఇంటి లోపల పసిబిడ్డ ఏడుస్తోంది. లస్మవ్వ వచ్చి లింగవ్వ చేతులు రెండూ పట్టుకుని తన కళ్లకు అద్దుకుంది.

ఆ పెట్టె శుక్రవారం అమ్ముడుపోవడానికి షెడ్డులో లేదు. రాజయ్య వచ్చి తిట్టి పోయాడు. సౌదీ నుంచి మొగుడు వచ్చి భార్య ముఖం చూసుకున్నాక, ఆదివారం దహనం చేశారు. కోమల పెట్టె ఎత్తుకుని నోరు విప్పకుండా తిరిగి వచ్చింది. బయటే నెత్తిస్నానం చేసి, అలసిపోయి పడుకుంది.

సోమవారం పొద్దున రాజయ్య, మంచిర్యాల అతను ట్రాలీ వేసుకుని షెడ్డు దగ్గరికి వచ్చారు. కోమల లేచి వచ్చేసరికి వాళ్లిద్దరూ కదలకుండా నిలబడి ఉన్నారు. లింగవ్వ పెట్టెను ఎండలోకి లాగి, మూత బార్లా తెరిచి, బ్లీచింగ్ నీళ్లతో లోపల మూలమూలకూ రుద్దుతోంది. మోచేతుల దాకా తడిసి ఉంది.

"ఇదేందే, నువ్వు ముట్టినవా?" అన్నాడు రాజయ్య.

"ముట్టిన. పిల్లను గూడ ముట్టిన, కాళ్లు పట్టి ఎత్తిన," అంది లింగవ్వ, రుద్దడం ఆపకుండా. "వాకిలి నిండ ఆడోళ్లు ఉన్నరన్నా, ఒక్కతి దగ్గరికి రాలే. నా బిడ్డ పోయి ఎత్తింది. నలుగురు నవ్వుతున్నరని చెప్తివి గద, గా నలుగురికి చెప్పు. వాళ్ల ఇంట్ల గా దినం వచ్చిననాడు నవ్వుకుంట కూసోమను. మేమైతే వస్తం."

"మల్ల కిస్తీ? చంద్రవ్వ ఊకుంటదా?"

"చంద్రవ్వతోని నేను మాట్లాడుత. సంతకం పెట్టింది నేను."

రాజయ్య మేనకోడలి వైపు చూశాడు, ఆమె సర్ది చెబుతుందేమోనని. కోమల సర్ది చెప్పలేదు. ఆమెకు ఏడుపు వస్తోంది, ఆపుకోనూ లేదు. మంచిర్యాల అతనికి ఈ ఇంటి గొడవతో పనిలేదు. "అమ్మా, నాకు ఆలస్యమైతున్నది," అన్నాడు. "అమ్ముతరా, అమ్మరా? ఒక్క మాట చెప్పున్రి."

లింగవ్వ నడుము నిటారు చేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అమ్మం," అంది. "నీ దగ్గర మంచిది ఇంకోటి ఉంటే చెప్పు, కొంటం."